గట్టు మీది నూరుమంది

ఎదురుగా ఉన్న మనిషికి మార్కులు వేయమంటే నాకు బెరుకు లేదు. ముక్కు మీద కోపం ఉన్నవాణ్ణి కాబట్టి కాస్త తక్కువే వేస్తానని పేరు కూడా ఉండేది. కానీ లేని మనిషికి మార్కులు వేయమంటే ఏం చేయాలి? తిరువళ్ళూరులో ఆ రోజు మమ్మల్ని చేయమన్న పని సరిగ్గా అదే.

ఎనభైలు మొదలైన రోజులవి. కుష్టు నివారణ పథకంలో నేను సూపర్‌వైజరుగా ఉన్నాను. తిరుత్తణి చుట్టుపక్కల పల్లెలు నావి. నా చేతికింది వర్కర్లు ఊరూరా తిరిగి జనం ఒంటి మీద మచ్చలు వెతకాలి, మచ్చలో స్పర్శ ఉందో లేదో చూడాలి, నరాలు తడమాలి, మాత్రలు అందించాలి. ఏటా కొత్తవాళ్ళకు తర్ఫీదు ఇచ్చేవాళ్ళం. చివర్లో నిజమైన రోగి ముందు నిలబెట్టి, చేతిపని పరీక్ష పెట్టేవాళ్ళం. సగం మార్కులు వస్తే పాసు. సగమే ఎందుకని ఎవరూ అడగలేదు. బడిలో అంతే, కాలేజీలో అంతే, ఇక్కడా అంతే అనుకున్నాం.

ముందు ఏడాది అలా సగం మార్కులతో పాసైన ఒకతన్ని పూండి వైపు పల్లెలకు పంపారు. అక్కడ ఒక కౌలు రైతుకు మోచేతి దగ్గర నరం వాచి నొప్పిపెడుతోంది. మన వర్కరు నెలనెలా వెళ్ళాడు, మాత్రలు ఇచ్చాడు, సంతకం పెట్టించుకున్నాడు. నరం మాత్రం ముట్టుకోలేదు. ముట్టుకుని ఉంటే వెంటనే ఆసుపత్రికి పంపేవాడు, మందులతో చెయ్యి నిలబడేది. నేను తనిఖీకి వెళ్ళేసరికి ఆ రైతు చిటికెన వేలు, ఉంగరపు వేలు లోపలికి ముడుచుకుపోయాయి. కొడవలి ఎలా పట్టుకుంటున్నాడో నాకు చేసి చూపించాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

కొత్తగా వచ్చిన డాక్టరమ్మకు ఈ సంగతి చెప్పాను. ఆమె అంతకు ముందే ఎక్కడో ఉపాధ్యాయుల శిక్షణకు వెళ్ళి వచ్చింది. "సగం అనేది మనం పెట్టిన గీత కాదు, అలవాటుగా వచ్చింది. ఈసారి గీత మనమే ఆలోచించి గీద్దాం" అంది. పరీక్షకు రెండు వారాల ముందు తిరువళ్ళూరు ఆఫీసులో అయిదుగురిని కూర్చోబెట్టింది. నేను, ల్యాబులో స్లైడులు చూసే పెద్దాయన, వార్డు సిస్టరు, మరో ఇద్దరు సూపర్‌వైజర్లు. ల్యాబు పెద్దాయనను అందరం అన్నా అనేవాళ్ళం. ఆయన నోటికి అదుపు లేదు, మనసులో మాత్రం ఏమీ ఉండదు.

నేను ఆ గదిలోకి దిగులుతోనే వెళ్ళాను. కారణం పరీక్ష కాదు, పరీక్ష రాయబోయే ఒక అమ్మాయి.

ఆ ఏడాది ఎనిమిది మంది తర్ఫీదులో ఉన్నారు. ఏడుగురు మగవాళ్ళు, ఒక్కతే ఆడమనిషి. కే.జీ.కండిగై నుంచి బస్సులో వచ్చేది. తండ్రి సంతలో కూరగాయలు అమ్మేవాడు. ఆ అమ్మాయి మాకు ఎంత అవసరమో చెప్పాలంటే ఆర్.కె.పేట వైపు పల్లెల సంగతి చెప్పాలి. అక్కడ మా మగ వర్కర్లు వెళితే ఆడవాళ్ళు ముంజేతులు చూపించేవాళ్ళు, మహా అయితే పాదాలు చూపించేవాళ్ళు. వీపు మీద మచ్చ ఉంటే అది వాళ్ళకు, వాళ్ళ జాకెట్టుకు మాత్రమే తెలుసు. ఒక ముసలామె నన్ను చూసి, "పెద్దరోగమొచ్చి సచ్చినా పరవాయిల్లప్పా, నీకు మాత్రం ఈపు సూపించను" అని తలుపేసుకుంది. ఆడ వర్కరు లేకపోతే అక్కడ సగం జనాన్ని చూడనట్టే. ఆ అమ్మాయి పాసైతే ఆ పల్లెలకు పంపాలని ముందే అనుకున్నాం. తప్పితే ఆ ఖాళీ అలాగే ఉండిపోతుంది.

ఆమెకు పని రాదని కాదు. ఎవరూ చూడనప్పుడు చక్కగా చేసేది. మాలో ఎవరైనా పక్కన నిలబడితే చాలు, చేతులు వణికేవి, గాజులు గలగలమనేవి, నేర్చుకున్నది మరిచిపోయేది. పరీక్ష అంటేనే పక్కన నిలబడి చూడడం కదా. అదీ నా దిగులు.

డాక్టరమ్మ మొదలుపెట్టింది. పరీక్షలో మొత్తం ఇరవై పనులు ఉంటాయి. ఒక్కో పనికి ఒక్కో మార్కు. చేస్తే ఉంది, చేయకపోతే లేదు. రోగిని వెలుతురులో కూర్చోబెట్టడం ఒకటి. దూదిపోగుతో ఎలా ముట్టుకుంటామో ముందుగా రోగి కళ్ళు తెరిచి ఉండగా చూపించడం ఒకటి. తర్వాత కళ్ళు మూయించి, ముట్టిన చోట వేలు పెట్టి చూపించమనడం ఒకటి. మోచేతి నరం దొరకబుచ్చుకోవడం, రెండు వైపులా పోల్చి చూడడం, నొక్కేటప్పుడు రోగి మొహం చూడడం. నరం నొప్పి ఉంటే మొహంలోనే తెలుస్తుంది, చాలామంది నోటితో చెప్పరు. ఆ తర్వాత, ల్యాబులో క్రిముల కోసం చూసేందుకు చర్మం గీరి స్లైడు తీసే పనులు.

"ఇప్పుడు మీరొక మనిషిని ఊహించుకోండి. చాలా మంచి వర్కరు కాదు, పనికిరానివాడూ కాదు. పాసు చేయొచ్చా కూడదా అని మనం తలగోక్కునేవాడు. బార్డర్‌లైను మనిషి" అంది.

"బార్డర్‌లైనంటే మాకు మచ్చల్లో ఒక రకం తెలుసునమ్మా. మనుసుల్లో గూడా ఉండారా?" అన్నాడు ల్యాబు అన్న.

అందరం నవ్వాం. డాక్టరమ్మ కూడా నవ్వి, వేరే మాట పెట్టుకుందాం అంది. మడి గట్టు మీద నడిచేవాడు ఇటు పడొచ్చు, అటు పడొచ్చు, కాబట్టి గట్టు మీద మనిషి అందాం అన్నాను నేను. ఆ మాటే ఖాయమైంది.

"అలాంటి గట్టు మీది మనుషులు నూరుమంది ఉన్నారనుకోండి. ఇరవై పనుల్లో ఒక్కో దాన్నీ ఆ నూరుమందిలో ఎంతమంది సరిగ్గా చేస్తారో రాయండి. పక్కవాళ్ళది చూడొద్దు" అంది.

అయిదుగురి అంకెలకూ సగటు తీసి, ఇరవై పనుల సగటులూ కూడితే పాసు మార్కు వస్తుందట. ఒక పనిని నూటికి అరవై మంది చేస్తారంటే, ఆ పని దగ్గర గట్టు మీది మనిషికి సున్నా పాయింటు ఆరు రావచ్చన్నమాట. అలా ఇరవై పనులకూ కలిపి ఆ మనిషికి ఎంత రావచ్చో తేలితే అదే గీత. వినడానికి సులువుగానే ఉంది. పెన్సిలు పట్టుకున్నాక తల ప్రాణం తోకకొచ్చింది. నూరుమందిని తలుచుకోవడం ఎవరివల్ల అవుతుంది? నాకు ఒక్క మొహమే కనబడుతోంది. దాన్ని తరిమేస్తే మళ్ళీ వస్తోంది.

రాసిందంతా చదివించారు. నరం నొక్కేటప్పుడు రోగి మొహం చూడడం దగ్గర నాది నూరు. మిగతావాళ్ళవి యాభై, నలభై, అలా ఉన్నాయి. ఎక్కువ రాసినవాళ్ళు, తక్కువ రాసినవాళ్ళు కారణం చెప్పాలని డాక్టరమ్మ పెట్టిన నియమం.

"మీరెందుకు నూరు రాశారు?" అని అడిగింది.

"అది చూడకపోతే చెయ్యి పోతాది కాబట్టి. పూండి కాడ పోయిందే చూసినా గదా. నూరుమందీ చేసి తీరాల" అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది.

ఆమె కోప్పడలేదు. "చేయాలి, నిజమే. నేను అడిగింది చేస్తారా అని. ఇది ముఖ్యమైన పని అని మీరు చెబుతున్నారు. ఎంతమంది మరిచిపోతారో చెప్పడం లేదు. మరిచిపోతే ఒప్పుకోం అనే నియమం పెట్టాలంటే దాన్ని వేరుగా పెట్టుకోవచ్చు, ఈ అంకెల్లో కలపకూడదు. మీరు తర్ఫీదు ఇచ్చిన వాళ్ళలో ఇటూ అటూ ఊగేవాళ్ళు ఎంతమంది మొహం చూడడం మరిచిపోయారు?"

నేను ఆలోచించాను. చాలామందే మరిచిపోయారు. వేళ్ళ కింద నరం దొరికిందా లేదా అన్న ఆత్రంలో చూపు మోచేతి మీదే ఉండిపోతుంది. మొదట్లో నాకూ అంతే. ఆ ముక్క చెప్పి, మాట వెనక్కి తీసుకున్నాను. ఓడిపోయినట్టు అనిపించింది కానీ, ఆమె అన్నది న్యాయం.

ఆ తర్వాత స్లైడు పనులకు వచ్చాం. చర్మాన్ని వేళ్ళతో గట్టిగా నొక్కిపట్టి, రక్తం అటూ ఇటూ పోయి తెల్లబడ్డాక సన్నగా కోసి, బ్లేడు తిప్పి గీరాలి. పట్టు సడలితే రక్తం కలుస్తుంది, స్లైడు పనికిరాదు. అక్కడ అందరి అంకెలూ అడుగంటాయి. ఇరవై, పదిహేను. ల్యాబు అన్నది పది.

"అంత తక్కువా?" అంది డాక్టరమ్మ.

"ఏం జేసేదమ్మా? చర్మం పట్టుకుంటే గాజులు జారి వచ్చి బ్లేడు మింద పడతా ఉండాయి. యాడ గీకేది?" అన్నాడు ల్యాబు అన్న.

నూరుమంది గట్టు మీది మనుషుల్లో గాజులు వేసుకున్నది ఒక్కతే. సిస్టరు తల దించుకుంది. ఆమె అంకెలు కూడా ఆ గాజుల చేతులనే చూసి వేసినవని అర్థమైంది. మిగతా ఇద్దరి వైపు చూశాను. వాళ్ళూ అంతే. మా అయిదుగురికీ వేరు వేరు నూరుమంది లేరు. అందరి పెన్సిళ్ళ కిందా కే.జీ.కండిగై అమ్మాయి ఒక్కతే నిలబడి ఉంది, ఆమె ఆ గది గడప తొక్కకపోయినా.

నాకు మొదట సంతోషం కలిగింది, అదీ చెప్పాలి. ఆమెను చూసి గీత గీస్తే ఆ గీత ఆమెకు అందుతుంది కదా. డాక్టరమ్మ ఇరవై పనుల సగటులూ కూడింది. పదకొండు దాటి కొంచెం. ఇరవైకి పన్నెండు వస్తే పాసు అన్నమాట. పన్నెండు ఆమె తెచ్చుకోగలదని నాకు ఆశ. ఇంతటితో లేచిపోతే బాగుండునని నా కాళ్ళు బల్లకింద ఆడుతూనే ఉన్నాయి.

"వీటిని పక్కన పెట్టేద్దాం" అంది డాక్టరమ్మ.

"పేరు చెప్పొద్దు. మీరు ఎవరిని తలుచుకున్నారో నేను అడగను. కానీ ఒక మనిషిని చూసి గీత గీస్తే అది ఆ మనిషి కొలత అవుతుంది, పని కొలత కాదు. మిగతా ఏడుగురికీ అదే గీత. వచ్చే ఏడు వచ్చేవాళ్ళకూ అదే. ముందు గట్టు మీది మనిషి అంటే ఎవరో అందరం మాటల్లో ఒప్పుకుందాం."

నల్లబల్ల మీద రాయించింది. ఒంటరిగా పల్లెకు పంపితే సాధారణమైన రోగిని సరిగ్గా చూస్తాడు. చిక్కు కేసు వస్తే తడబడతాడు, కానీ తనకు తెలియలేదని తెలుసుకుని పైకి పంపుతాడు. చేయి నిదానం, అయినా ప్రమాదం చేయడు. నెలకోసారి సూపర్‌వైజరు వచ్చి చూస్తే చాలు, రోజూ పక్కన ఉండక్కర్లేదు. ఒక్కో వాక్యం మీద కొట్లాడుకున్నాం. "రోజూ పక్కన ఉండక్కర్లేదు" అన్నది నేనే రాయించాను. రాయించాక అర్థమైంది, ఎవరైనా పక్కన ఉంటే వణికే మనిషి గురించే మళ్ళీ ఆలోచిస్తున్నానని. మానేద్దామన్నా మనసు మాట వినలేదు.

మళ్ళీ రాశాం. ఈసారి నేను పాత వర్కర్ల మొహాలు ఒక్కొక్కటిగా తెచ్చుకున్నాను. పొట్టివాళ్ళు, పొడుగువాళ్ళు, బీడీ వాసన వేసేవాళ్ళు, దేవుడికి దండం పెట్టుకుని గానీ బ్లేడు ముట్టనివాళ్ళు. గుంపులో ఆ ఒక్క మొహం తప్పిపోయేదాకా తెచ్చుకున్నాను. మొహం చూసే పని దగ్గర యాభై అయిదు రాశాను. స్లైడు దగ్గర ల్యాబు అన్న పది నుంచి యాభైకి ఎక్కాడు. ఈసారి కూడితే పదమూడున్నరకు కాస్త తక్కువ వచ్చింది. అర మార్కులు లేవు కాబట్టి పద్నాలుగు రావాలని, పరీక్ష అయ్యాక దీన్ని ఎవరూ కదిలించకూడదని అప్పుడే తీర్మానించాం.

పన్నెండు పద్నాలుగైంది. తిరుత్తణికి బస్సులో వస్తూ ఆ రెండు మార్కులే నమిలాను. మేం న్యాయమే చేశామని తెలుసు. న్యాయం చేశాక కూడా మనిషికి ఇంత బెంగ ఎందుకుంటుందో తెలియలేదు.

పాసు మార్కు ఎంతో పరీక్ష అయ్యేదాకా చెప్పొద్దన్నారు. మర్నాడు తర్ఫీదులో ఆ అమ్మాయే అడిగింది.

"సార్, ఈసారి సగం గాదంట గదా. ఎంత రావాల?"

"ఎంతయితే నీకేమ్మా? అన్నీ చెయ్యి, సరిపోతాది" అన్నాను. చిరాకుగా వచ్చింది ఆ మాట. చిరాకు ఆమె మీద కాదు.

ఆ రెండు వారాలూ క్లాసులో అందరికీ ఒకటే పాట పాడాను. నరం నొక్కేటప్పుడు మొహం చూడండి, మోచెయ్యి కాదు, మొహం. చెప్పేటప్పుడు ఏడుగురు మగవాళ్ళ వైపే చూసేవాణ్ణి, ఆమెకు ఒక్కదానికే చెబుతున్నానని ఎవరూ అనుకోకూడదని. వాళ్ళు నన్ను వెక్కిరిస్తూ, టీ తాగేటప్పుడు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. ఆమె రోగుల్లో ఆడవాళ్ళ మీద అభ్యాసం చేసేది. ఆడరోగులు ఆమె దగ్గరికే పోతామనేవాళ్ళు, మేమూ సరే అనేవాళ్ళం. వాళ్ళ మోచేయి పట్టుకుని, మొహంలోకి చూస్తూ, "నొప్పుండాదా అక్కా?" అని అడిగేది. ఆ ఒక్క పనీ ఆమెకు ఒంటబట్టింది, దాని గురించి బెంగ అక్కర్లేదు అనుకున్నాను. గాజుల గురించి సిస్టరు చెప్పినట్టుంది, ఆమె వాటిని పైకి తోసి దారం కట్టుకోవడం నేర్చుకుంది.

పరీక్ష తిరుత్తణి క్లినిక్కులో. తర్ఫీదు ఇచ్చినవాళ్ళు మార్కులు వేయకూడదని ఈసారి నియమం కాబట్టి, నాకు వరండాలో రోగులను వరుసలో పంపే పని ఇచ్చారు. లోపల సిస్టరు, ల్యాబు అన్న ఇద్దరూ విడివిడిగా టిక్కులు పెడతారు. తలుపు తీసే ఉంచారు, గాలి కోసం. అక్కడ నిలబడితే అంతా కనిపిస్తుంది. కనిపించకుండా ఉంటే బాగుండేది.

ఎవరికి ఏ రోగి అన్నది చీటీల మీద పోయింది. ఆమెకు వచ్చింది మగమనిషి. చెరకు నరికే కూలీ, ముప్పై దాటని వయసు, చొక్కా లేకుండా కూర్చున్నాడు. ఆయన్ని లోపలికి పంపినప్పుడు కూడా నాకేమీ తోచలేదు.

ఆమె మొదలుపెట్టింది. వెలుతురు వైపు కుర్చీ తిప్పింది. దూదిపోగు చూపించింది, కళ్ళు మూసుకోమంది. చేతులు వణుకుతున్నాయి, అయినా ఆగలేదు. ఒకచోట వరుస తప్పింది, సర్దుకుంది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నంతసేపూ ఆమె బాగానే ఉంది. తర్వాత మోచేయి పట్టుకునే ఘట్టం వచ్చింది. ఆయన కళ్ళు తెరిచాడు. ఆమె ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. నరం దొరికింది, దొరికినట్టు ఆమె వేళ్ళు చెబుతున్నాయి. నొక్కింది.

తల వంచుకుని నొక్కింది.

నాకు అప్పుడు తెలిసింది. పరాయి మగవాడి చెయ్యి పట్టుకుని మొహంలోకి చూడడం ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. చూడకూడదనే ఇంట్లో నేర్పారు. నేర్పడమేమిటి, చూస్తే చంపేవాళ్ళు. ఆడరోగుల మొహాల్లోకి చూసిన చూపు ఇక్కడ నేల మీద పడిపోయింది. చెయ్యి పట్టుకోవడం ఉద్యోగమని సర్దుకుంది కానీ, చూపు సర్దుకోలేదు. మా అయిదుగురిలో ఎవరికీ ఇది తట్టలేదు. నూరుమందిని తలుచుకున్నాం, వాళ్ళు ఇరవై పనుల దగ్గర ఎలా తడబడతారో తలుచుకున్నాం, ఈ తడబాటు మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఆ కూలీ మొహం చిట్లించాడు. నరం నొప్పి పెట్టిందన్నమాట. వరండాలో నిలబడ్డ నాకు కనబడింది, ఆయన చెయ్యి పట్టుకున్న ఆమెకు కనబడలేదు. తల ఎత్తమ్మా, తల ఎత్తమ్మా అని లోలోపల కొట్టుకున్నాను. గొంతు దాకా వచ్చింది. దగ్గినా చాలు, ఆమె తల ఎత్తేది. దగ్గు ఆపుకోవడానికి గోడ పట్టుకున్నాను. ఆమె రెండో మోచేయి కూడా అలాగే నొక్కి, చేయి వదిలేసి, స్లైడు కోసం స్పిరిటు దీపం దగ్గరికి జరిగింది. స్లైడు బాగా తీసింది, పట్టు సడలలేదు. ల్యాబు అన్న ముఖంలో ఆశ్చర్యం చూశాను. నాకు ఆనందించే ఓపిక లేదు.

సాయంత్రం మార్కులు కూడారు. ఇద్దరి టిక్కులూ సరిపోయాయి. అయిదుగురు పాసయ్యారు. ముగ్గురు తప్పారు. ఆమెకు పదమూడు.

ఒక్క మార్కు. ఆ ఒక్కటీ ఎక్కడ పోయిందో నాకు తెలుసు.

"పదమూడున్నరకు తక్కువే గదమ్మా మనకొచ్చింది. పదమూడని పెట్టుకుంటే ఏమి? ఎవురు చూస్తారు?" అన్నాడు ల్యాబు అన్న. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. స్లైడు బాగా తీసిన చేతిని ఇంటికి పంపడం ఆయనకు ఇష్టం లేదు.

నేనూ మాట కలిపాను. మగరోగి పడ్డాడు కాబట్టే అట్ల అయింది, ఆమెను పంపేది ఆడవాళ్ళ కోసమే కదా, ఆడరోగులైతే ఆమె మొహం చూస్తుంది, నేను రోజూ చూశాను అన్నాను. మాట్లాడుతుంటే నాకే చాలా సబబుగా అనిపించింది.

డాక్టరమ్మ "ఆ పల్లెల్లో ఆమె ఒక్కతే ఉంటుంది. మగవాళ్ళు వస్తే తిప్పి పంపుతుందా?" అని అడిగింది. "తప్పిన మిగతా ఇద్దరిలో ఒకరికి పదమూడు వచ్చి ఉంటే మీరు ఇదే అడిగేవారా?" అంది. పూండి రైతు కొడవలి పట్టుకున్న తీరు కళ్ళ ముందు ఆడింది. గీత కదల్లేదు. మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష, ఈలోగా మగరోగుల దగ్గర కూడా అభ్యాసం అని రాసుకున్నాం. ఆ మాట ముందే తట్టి ఉంటే ఎంత బాగుండేదని సిస్టరు గొణిగింది.

ఫలితం డాక్టరమ్మే ఆమెకు చెప్పింది. గీత ఎలా గీశామో కూడా వివరించిందట, దాచడానికేముందని. నేను ఎదురుపడకుండా పోదామని వెనక దోవన బయలుదేరాను. ఆమె బస్సుస్టాండుకు పోయే దారిలో గేటు దగ్గరే నిలబడి ఉంది. ఏడ్చినట్టుంది, మొహం కడుక్కుంది.

"సార్, నూరుమందిని తలుచుకోని మార్కు పెట్టినారంట గదా."

"అవునమ్మా."

"ఆ నూరుమందిలో నేనుండానా?"

ఏమని చెప్పను? లేవు అంటే ఒక అబద్ధం, ఉన్నావు అంటే ఇంకో అబద్ధం. నాకు దాచడం చేతకాదు.

"ముందు నూరుమందీ నువ్వే. అందురమూ నిన్నే తలుచుకున్నాం. అది న్యాయం గాదని డాక్టరమ్మ ఆ లెక్క తీసేసింది. మళ్ళీ మొదట్నించి పెట్టినాం."

ఆమె గేటు కమ్మీ పట్టుకుని నిలబడింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"నన్ను తలుచుకోని పెట్టిందెంత సార్?"

"పన్నెండు."

"నాకు పదమూడొచ్చింది."

"అవును."

"అయితే మీ అయిదుగురూ అనుకున్నదానికంటే నేను మేలే గదా సార్?"

ఫిర్యాదు కాదది. నిజంగానే అడుగుతోంది, తెలుసుకోవాలని. ఇన్నాళ్ళూ మేము పక్కన నిలబడితే ఆ చేతులు ఎందుకు వణికేవో నాకు అప్పుడు అర్థమైంది. మేము ఆమెను పన్నెండుకు మించి చూడలేదు, ఆ సంగతి ఆమెకు మా మొహాల్లోనే తెలిసేది.

"మేలేనమ్మా. శానా మేలు" అన్నాను.

ఆమె తల ఊపి, కే.జీ.కండిగై బస్సు పోతుందేమోనని చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరుగెత్తింది. నేను గేటు దగ్గరే చాలాసేపు ఉండిపోయాను. ఆమె పని నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఆమెకు పదమూడు వస్తుందని మా అయిదుగురిలో ఒక్కరమూ రాయలేదు, నేను కూడా రాయలేదు.